నగరం మొత్తం విస్తీర్ణం వేరు, నేల విస్తీర్ణం వేరు: శాన్‌ఫ్రాన్సిస్కో లెక్కతో తరచుగా అడిగే ప్రశ్నలు

బే ఏరియాలో ఉండే మనవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం వచ్చే ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోను అక్కడివాళ్లు ‘సెవెన్ బై సెవెన్’ అంటారు, అంటే ఏడు మైళ్లకు ఏడు మైళ్లు, సుమారు 49 చదరపు మైళ్లు. వివరాల పట్టిక తెరిచి చూస్తే మాత్రం నగర విస్తీర్ణం దాదాపు 232 చదరపు మైళ్లని ఉంటుంది. రెండూ నిజమే. ఆ తేడా ఎక్కడిదో తెలిస్తే ఏ నగరం అంకెనైనా సరిగ్గా చదవొచ్చు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఈ ఒక్క నగరం చుట్టూనే తిరుగుతుంది.

మొత్తం విస్తీర్ణం, నేల విస్తీర్ణం: ఒక్కోటి దేన్ని చెబుతుంది?

నగరానికి చట్టం గీసిన సరిహద్దు ఒకటి ఉంటుంది. ఆ గీత లోపల ఏమున్నా సరే, ఇళ్లు, రోడ్లు, కొండలు, చెరువులు, సముద్రం, అన్నీ కలిపితే మొత్తం విస్తీర్ణం. అందులోంచి నీటి భాగాన్ని తీసేస్తే మిగిలేది నేల విస్తీర్ణం.

శాన్‌ఫ్రాన్సిస్కో విషయంలో అమెరికా సెన్సస్ బ్యూరో ఇచ్చే లెక్క ప్రకారం నేల 46.9 చదరపు మైళ్లు, నీరు సుమారు 185 చదరపు మైళ్లు. కలిపితే 231.9. మన కొలతలో చెప్పాలంటే నేల సుమారు 121.5 చదరపు కిలోమీటర్లు, మొత్తం 600 పైచిలుకు. అంటే నగరంలో ప్రతి ఐదు వంతుల్లో నాలుగు వంతులు నీళ్లే.

నేల విస్తీర్ణం అంటే ఇళ్లు కట్టుకోగలిగిన స్థలం అని మాత్రం అనుకోకూడదు. వెయ్యి ఎకరాలు దాటిన గోల్డెన్ గేట్ పార్కు నేలే. నిటారుగా ఉండి ఎవరూ ఇల్లు కట్టలేని కొండవాలూ నేలే. ఈ లెక్కలో చూసేది ఒక్కటే: అక్కడ నీరుందా లేదా అని.

అన్ని నీళ్లు నగరం లోపలికి ఎలా వచ్చాయి?

మూడు వైపుల నుంచి వచ్చాయి. పడమర పసిఫిక్ మహాసముద్రం. ఉత్తరాన, తూర్పున శాన్‌ఫ్రాన్సిస్కో బే. ఇవి కాక, గోల్డెన్ గేట్ నుంచి పడమరగా దాదాపు 30 మైళ్ల దూరంలో ఫారలాన్ దీవులు ఉన్నాయి. ఆ రాళ్ల దీవుల మీద పక్షులు, సీల్స్, కొద్దిమంది పరిశోధకులు తప్ప స్థిరంగా కాపురం ఉండేవాళ్లు లేరు. అయినా అవి శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో భాగమే, వాటి చుట్టూ ఉన్న నీళ్లూ నగర లెక్కలోకే వస్తాయి. మీరు ఓషన్ బీచ్‌లో నిలబడి చూస్తే, ఆకాశం శుభ్రంగా ఉన్న రోజున దూరంగా కనిపించే ఆ రాళ్లు కూడా నగరమే.

బే వైపు గీత నీళ్ల మధ్యలోంచి పోతుంది. ఆల్కట్రాజ్, ట్రెజర్ ఐలండ్, యర్బా బ్యూనా ఐలండ్ ఆ గీతకు ఇవతల ఉన్నాయి. ఓక్‌లాండ్ వైపు నుంచి బే బ్రిడ్జి మీద ఆఫీసుకు వచ్చేవాళ్లు యర్బా బ్యూనా సొరంగంలోకి దూరేటప్పటికే శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోకి వచ్చేసినట్టు. ఊరు ఇంకా అవతలి ఒడ్డునే కనిపిస్తుంటుంది.

సరిహద్దును ఒడ్డు దగ్గరే ఆపేయొచ్చు కదా, నీళ్లలోకి ఎందుకు లాగారు?

ఇది చరిత్రతోనూ చట్టంతోనూ ముడిపడిన సంగతి. కాలిఫోర్నియా 1849లో రాసుకున్న తొలి రాజ్యాంగంలోనే రాష్ట్ర సరిహద్దు సముద్రంలోకి మూడు మైళ్లు ఉంటుందని చెప్పుకుంది. తర్వాత 1953లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం తీరానికి దగ్గరగా ఉన్న సముద్రగర్భం మీద హక్కుల్ని రాష్ట్రాలకు ఖాయం చేసింది.

రాష్ట్రం నీళ్లలోకి సాగినప్పుడు ఆ నీళ్లు ఏదో ఒక కౌంటీ కిందికి రావాలి. ఇక్కడే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రత్యేకత ఉంది. 1856 నుంచి అక్కడ నగరమూ కౌంటీ రెండూ ఒక్కటే. కౌంటీ అంటే మన జిల్లా లాంటి పాలనా విభాగం. జిల్లా స్థాయి సరిహద్దు నీళ్లలోకి పోవడం వింతేమీ కాదు. కానీ జిల్లాకీ నగరానికీ ఒకే గీత అయినప్పుడు ఆ నీళ్లన్నీ నగరం ఖాతాలోనే పడతాయి.

ఆ గీత కాగితం మీద ఊరికే ఉండేది కాదు. నగర అగ్నిమాపక శాఖకు నీళ్ల మీద తిరిగే ఫైర్‌బోట్లు ఉన్నాయి. 1989 లోమా ప్రియెటా భూకంపంలో మరీనా ప్రాంతంలో మంటలు లేచినప్పుడు భూమిలోపలి నీటి గొట్టాలు పగిలిపోయాయి. అప్పుడు ఫీనిక్స్ అనే ఫైర్‌బోటు బే నీళ్లను పంపు చేసి ఒడ్డు మీది మంటల్ని ఆర్పడానికి అందించింది.

మరి పక్కనే మహా సరస్సు ఉన్న చికాగోలో నీటి శాతం అంత తక్కువేమిటి?

ఎందుకంటే అక్కడ నగరం వేరు, కౌంటీ వేరు. చికాగో మొత్తం విస్తీర్ణం సుమారు 234 చదరపు మైళ్లు. అందులో నీరు ఏడు చదరపు మైళ్ల లోపే. నగరం మిషిగన్ సరస్సుకు ఆనుకునే ఉన్నా, సరస్సులోని పెద్ద భాగం నగరం లెక్కలోకి రాదు. అది చికాగో ఉన్న కుక్ కౌంటీ లెక్కలోకి వెళ్లింది. ఆ కౌంటీ మొత్తం సుమారు 1,635 చదరపు మైళ్లయితే దాదాపు 690 నీళ్లే.

కాబట్టి నీరు కళ్లకు ఎంత దగ్గరగా కనిపిస్తుందన్నది కాదు ముఖ్యం. గీత ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. శాన్‌ఫ్రాన్సిస్కో, చికాగో మొత్తం విస్తీర్ణాలు దాదాపు సమానం. నేల చూస్తే చికాగో దాదాపు ఐదింతలు పెద్దది. మొత్తం అంకె ఒక్కటే చూసి రెండూ ఒకే సైజు ఊళ్లనుకుంటే పూర్తిగా తప్పుతాం.

జనసాంద్రత లెక్కకు ఏ అంకె వాడాలి?

నేల విస్తీర్ణమే. జనం నీళ్ల మీద ఉండరు కాబట్టి. అమెరికా సెన్సస్ బ్యూరో కూడా జనసాంద్రతను నేల మీదే లెక్కగడుతుంది.

ఒకసారి చేసి చూద్దాం. 2020 సెన్సస్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో జనాభా 8,73,965. దీన్ని 46.9తో భాగిస్తే చదరపు మైలుకు సుమారు 18,635 మంది. అదే 231.9తో భాగిస్తే సుమారు 3,770 మంది. మొదటి అంకె చూస్తే మేడ మీద మేడ, పార్కింగ్ దొరక్క వీధులు చుట్టుకొచ్చే నగరం గుర్తొస్తుంది, అది నిజం కూడా. రెండో అంకె ప్రకారం అదొక విశాలమైన శివారు ప్రాంతం అయిపోతుంది. జనం మారలేదు, ఊరు మారలేదు, భాగించిన అంకె ఒక్కటే మారింది.

ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు ఒకటుంది: రెండు నగరాల్ని పోలుస్తూ ఒకదానికి నేల, ఇంకోదానికి మొత్తం తీసుకోవడం. న్యూయార్క్ నగరం మొత్తం విస్తీర్ణం సుమారు 472.4 చదరపు మైళ్లు, నేల 300.5. మిగతాదంతా నదులు, రేవు, అఖాతాల నీళ్లు. 2020 జనాభా 88,04,190. ఈ జనాభాను పొరపాటున మొత్తం విస్తీర్ణంతో భాగిస్తే చదరపు మైలుకు సుమారు 18,637 వస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు నేల మీద వచ్చిన 18,635 పక్కన పెట్టండి. రెండు నగరాలూ సరిసమానం అని తేలుతుంది! న్యూయార్క్‌కు కూడా నేలనే తీసుకుంటే అసలు అంకె 29,300 దాకా వస్తుంది. ఇలాంటి తప్పు చాలా కష్టంగా బయటపడుతుంది. ఎందుకంటే వచ్చిన జవాబు చూడటానికి ఏమాత్రం అనుమానం రాని అంకె.

మొత్తం విస్తీర్ణం పనికిరాని అంకె అనా?

కాదు. నగర అధికార పరిధి ఎంతవరకు ఉందో, రేవులు, పడవలు, చమురు ఒలికితే బాధ్యత, నీళ్ల మీద ప్రమాదాలు ఎవరి కిందికి వస్తాయో అడిగినప్పుడు నీళ్లు కూడా లెక్కలో ఉండాల్సిందే. ఇళ్లు, రోడ్లు, చెట్లు, జనం గురించి అడిగితే నేల. ఊళ్లో పచ్చదనం శాతం చెప్పేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. పార్కుల విస్తీర్ణాన్ని 231.9తో భాగించి శాన్‌ఫ్రాన్సిస్కోలో పచ్చదనమే లేదని తేల్చడం అన్యాయం.

ఏది నీరు, ఏది నేల అని ఎవరు తేలుస్తారు? ఎండిపోయే చెరువుల సంగతేమిటి?

ఇదే నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే ప్రశ్న. గీత గీసినంత తేలిక కాదు ఇది. నీటి అంచు రోజుకోచోట ఉంటుంది.

సముద్రం ఒడ్డున ఆటుపోట్లు ఉంటాయి. పోటు వచ్చినప్పుడు మునిగి, ఆటు సమయంలో తేలే బురద నేల నీరా, నేలా? అమెరికా తీర పటాల్లో తీరరేఖగా గీసేది సగటు పోటు మట్టాన్ని. ఆ లెక్కన పోటుకు మునిగే బురద మేటలు నీటి వైపు పడతాయి. ఒకవేళ ఆటు మట్టాన్ని తీరరేఖగా తీసుకుంటే అదే బురద నేల అయిపోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే లాంటి లోతు తక్కువ చోట ఈ రెండు గీతల మధ్య చాలా దూరం ఉంటుంది.

లోపలి నీళ్ల విషయంలో సెన్సస్ బ్యూరో పద్ధతి ఇంకోలా ఉంటుంది. కొన్నాళ్లు నీళ్లుండి కొన్నాళ్లు ఎండే చెరువులు, వాగులు, చిత్తడి నేలలు, హిమానీనదాలు పటంలో నీలం రంగులో కనిపించినా, విస్తీర్ణం లెక్కకు వచ్చేసరికి వాటిని నేలలో కలుపుతారు. అందుకే పటం చూసి మనం వేసుకున్న అంచనాకూ వాళ్ల అంకెకూ కొంత తేడా రావచ్చు. అది తప్పు కాదు, నిర్వచనం.

మన దగ్గర చెరువును చూసే చూపు దీనికి దాదాపు ఎదురుగా ఉంటుంది. తెలంగాణలో శిఖం భూమి అంటారు కదా, చెరువులో నీళ్లు నిండితే మునిగి, తగ్గితే తేలే నేల. ఎండాకాలంలో అక్కడ పశువులు మేస్తాయి, ఒక్కోసారి పంట కూడా వేస్తారు. అయినా అది చెరువు కిందికే వస్తుంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో చూసి ఎఫ్‌టీఎల్ గీత గీస్తారు. ఆ గీత లోపల ఏడాదిలో పది నెలలు పొడిగా ఉన్నా సరే, అది చెరువే. ఆ గీత లోపల ప్లాట్లు వేసి అమ్మితే కొన్నవాళ్ల టెన్షన్ ఎలా ఉంటుందో హైదరాబాద్‌లో వానాకాలం వార్తలు చూసేవాళ్లందరికీ తెలుసు. ఒకే నేలను ఒక నిర్వచనం నేల అంటుంది, ఇంకొకటి నీరు అంటుంది. కాబట్టి ఏ దేశం అంకె చూస్తున్నామో, ఆ దేశం నీటిని ఎలా నిర్వచించిందో తెలుసుకోకుండా పక్కపక్కన పెట్టకూడదు.

నీటిని పూడ్చి నేల చేస్తే ఏ అంకె మారుతుంది?

పూడ్చింది నగర సరిహద్దు లోపలే అయితే మొత్తం విస్తీర్ణం మారదు. నీరు తగ్గుతుంది, నేల పెరుగుతుంది. ట్రెజర్ ఐలండ్ అలా పుట్టిందే. 1939లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన కోసం 1930లలో బే అడుగున ఉన్న ఇసుక, మట్టి తోడిపోసి సుమారు 400 ఎకరాల దీవిని తయారుచేశారు. చదరపు మైలుకు 640 ఎకరాలు కాబట్టి ఇది 0.6 చదరపు మైలు పైనే. 46.9లో ఇంత భాగం ఒకప్పుడు నీళ్ల ఖాతాలో ఉండేదన్నమాట.

ఇప్పుడు బ్యాంకులు, ఆఫీసు టవర్లు ఉన్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పెద్ద భాగం ఒకప్పటి యర్బా బ్యూనా కోవ్. బంగారం కోసం జనం ఎగబడిన 1849 రోజుల్లో ఆ ఒడ్డున వదిలేసి వెళ్లిన ఓడల మీదే మట్టి పోసి పూడ్చారు. పునాదులు తవ్వినప్పుడు ఆ ఓడల కొయ్యలు బయటపడ్డాయి కూడా.

అయితే పట్టికలో నేలగా మారినంత మాత్రాన ఆ మట్టి కొండరాయిలా నిలబడదు. పైన చెప్పిన మరీనా ప్రాంతంలో చాలా భాగం పూడ్చిన నేలే. 1989 భూకంపంలో ఆ తడిమట్టి ఊగిపోయి బురదలా మెత్తబడింది. ఇళ్లు ఒరగడానికి, గొట్టాలు పగలడానికి అదొక పెద్ద కారణం. విస్తీర్ణం అంకె ఈ తేడాను చెప్పదు.

ఇంకో విచిత్రం చెప్పాలి. బే మధ్యలో గీత గీసినప్పుడు అక్కడ నీళ్లే ఉన్నాయి. తర్వాత అవతలి ఒడ్డున అలమీడా వాళ్లు పడమర కొసను నీళ్లలోకి పూడ్చుకుంటూ వచ్చారు. గీత మాత్రం కదల్లేదు. ఫలితంగా అలమీడా దీవి పడమటి కొసలో ఒక చిన్న ముక్క శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కిందికి వచ్చింది. నేల మీద నడిచి అక్కడికి వెళ్లాలంటే అలమీడాలోంచే వెళ్లాలి.

1965లో కాలిఫోర్నియా మెకాటీర్-పెట్రిస్ చట్టం చేసింది. అప్పటి నుంచి బేను పూడ్చాలంటే అనుమతి తప్పనిసరి. అందుకే ఆ తర్వాత నేల అంకె మునుపటిలా పెరగడం ఆగింది.

పాత పుస్తకంలో ఒక అంకె, కొత్త పట్టికలో ఇంకో అంకె. ఊరు పెరిగిందా?

పెరిగి ఉండొచ్చు, లేదా కొలిచే తీరు మారి ఉండొచ్చు. సెన్సస్ బ్యూరో పూర్వం లోపలి నీళ్లను మాత్రమే విస్తీర్ణంలో కలిపేది. 1990 సెన్సస్ నుంచి తీర జలాలు, మహా సరస్సులు, ప్రాదేశిక సముద్రం కూడా కలిపింది. మిషిగన్ రాష్ట్రం దీనికి మంచి ఉదాహరణ. అంతకుముందు సుమారు 58 వేల చదరపు మైళ్లుగా రాసేవారు, తర్వాత 96 వేలు దాటింది. రాష్ట్రానికి కొత్తగా ఒక్క ఎకరం నేల కూడా కలవలేదు.

పాత, కొత్త అంకెల మధ్య పెద్ద తేడా కనిపిస్తే నేల విస్తీర్ణాలు రెండూ పోల్చండి. అవి దాదాపు ఒకేలా ఉంటే మారింది నీళ్ల లెక్కే.

శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం ఈ 46.9లో ఉందా?

లేదు. దాని యజమాని నగరమే, కానీ అది ఉన్నది దక్షిణాన శాన్ మటేయో కౌంటీలో. నగరానికి ఆస్తులు సరిహద్దు బయట ఎన్నైనా ఉండొచ్చు, విస్తీర్ణం లెక్కలోకి అవి రావు.

హైదరాబాద్, విశాఖపట్నం విస్తీర్ణాల్లో కూడా ఇలాంటి తేడా ఉంటుందా?

మన సెన్సస్ పట్టికల్లో పట్టణానికి ఒకే విస్తీర్ణం ఇస్తారు. నేల ఇంత, నీరు ఇంత అని విడదీసి చూపరు. మన నగరపాలక సంస్థల పరిధి రెవెన్యూ గ్రామాల్ని కలుపుకుంటూ ఏర్పడింది. చెరువుకు సర్వే నంబరు ఉంటుంది కాబట్టి అది విస్తీర్ణంలో కలిసిపోతుంది. సముద్రానికి సర్వే నంబరు ఉండదు. అందుకే విశాఖ ఎంత పొడవున సముద్రాన్ని ఆనుకుని ఉన్నా, శాన్‌ఫ్రాన్సిస్కోలా మైళ్ల కొద్దీ బంగాళాఖాతం నగరం అంకెలోకి రాదు. పైగా మన రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం ప్రాదేశిక సముద్రం అడుగున ఉన్న భూమి, ఖనిజాలు కేంద్రానివి.

హైదరాబాద్‌లో తేడా ఉంటుంది గానీ చిన్నది. 2007లో జీహెచ్‌ఎంసీ ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణం సుమారు 625 చదరపు కిలోమీటర్లు. హుస్సేన్‌సాగర్‌కు ఉదారంగా ఆరు చదరపు కిలోమీటర్లు వేసుకున్నా ఒక్క శాతం దాటదు. మిగతా చెరువులన్నీ కలిపినా జనసాంద్రత తలకిందులు కాదు. ఇక్కడ అసలు చిక్కు నీటితో కాదు, పరిధితో. సరిహద్దును విస్తరించిన ప్రతిసారీ విస్తీర్ణం, జనాభా రెండూ మారతాయి. కొత్త విస్తీర్ణాన్ని పాత జనాభాతో జతచేస్తే సాంద్రత అమాంతం పడిపోయినట్టు కనిపిస్తుంది.

పట్టికలో ఏ అంకె ఇచ్చారో రాయకపోతే ఎలా పట్టుకోవాలి?

అమెరికా నగరమైతే సెన్సస్ బ్యూరో గెజెటీర్ ఫైలు తెరవండి. అందులో `ALAND` అనే నిలువు వరుస నేల, `AWATER` నీరు, రెండూ చదరపు మీటర్లలో. చదరపు మైళ్లు కావాలంటే పక్కనే `ALAND_SQMI`, `AWATER_SQMI` ఉంటాయి. మొత్తం విస్తీర్ణం కావాలంటే రెండూ మీరే కూడుకోవాలి.

అంత దూరం వెళ్లే వీల్లేకపోతే, ఆ పట్టికలోనే ఇచ్చిన జనసాంద్రతతో జనాభాను భాగించండి. ఉదాహరణకు 8,73,965ను 18,635తో భాగిస్తే 46.9 వస్తుంది. పట్టికలో విస్తీర్ణం 231.9 అని ఉంటే, సాంద్రతకు వాడింది నేల, చూపించింది మొత్తం అని వెంటనే తెలిసిపోతుంది. కొన్నిసార్లు ఇలా భాగించినప్పుడు రెండింటికీ సరిపోని అంకె వస్తుంది. అప్పుడు ముందు యూనిట్లు చూడండి. చదరపు మైలుకు 2.59 చదరపు కిలోమీటర్లు. మీకు వచ్చిన అంకె 2.59 రెట్లు ఎక్కువో తక్కువో అయితే మైళ్లు, కిలోమీటర్లు కలిసిపోయినట్టు. అదీ కాకపోతే జనాభా ఒక ఏడాదిది, విస్తీర్ణం ఇంకో ఏడాదిది అయి ఉంటుంది. ఆ ఏళ్ల మధ్య సరిహద్దు మారిందేమో వెతకండి.